160 అప్లికేషన్లు వచ్చినా అకౌంటెంట్ దొరకలేదు: ప్రకటనలో ఏం రాయాలి?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి కొని ఎగుమతి చేస్తాం. ఆఫీసులో ఆరుగురం. అకౌంటెంట్ కోసం ఆన్‌లైన్‌లో ప్రకటన పెడితే 160 అప్లికేషన్లు వచ్చాయి. 14 మందితో మాట్లాడాం, ఒక్కరూ కుదరలేదు. నచ్చిన ఇద్దరూ జీతం విని వెళ్లిపోయారు. ప్రకటన ఇదీ: "డైనమిక్, సెల్ఫ్ మోటివేటెడ్ సీనియర్ అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ కావలెను. ఎం.కాం లేదా ఎంబీఏ, 5 నుంచి 8 ఏళ్ల అనుభవం. టాలీ, జీఎస్టీ, ఎస్ఏపీ, అడ్వాన్స్‌డ్ ఎక్సెల్, ఎగుమతి పత్రాలు తెలిసి ఉండాలి. ఇంగ్లీషు, హిందీ ధారాళంగా రావాలి. ఒత్తిడి తట్టుకోవాలి. సొంత బండి తప్పనిసరి. మగవారికి ప్రాధాన్యం. ఆకర్షణీయమైన జీతం." ఎక్కడ తప్పు జరిగింది? ఎలా రాయాలి?

జవాబు:

మీ ప్రకటనలో మనిషి ఎలా ఉండాలో ఉందండి. ఆ మనిషి పొద్దున్నే వచ్చి ఏం చెయ్యాలో మాత్రం ఒక్క ముక్క కూడా లేదు. ముందు పని రాయండి. ఏ పని, రోజుకు సుమారుగా ఎన్ని, ఏ తేదీకి ఎవరికి అప్పజెప్పాలి, అన్నీ రాయండి. తప్పనిసరి అర్హతలు మూడు దాటనివ్వకండి. జీతం అంకెల్లో వెయ్యండి. ఈ మూడూ చేస్తే 160 మంది రారు, ముప్పయ్యో నలభయ్యో వస్తారు. వాళ్లలో మాట్లాడదగినవాళ్లు పదిమంది ఉంటారు.

నేను 17 ఏళ్లుగా చేస్తున్నది ఈ పనే. మొదట విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర స్టాఫ్ వ్యవహారాలు చూశాను. తర్వాత సొంతంగా ఇటు గుంటూరు దాకా చిన్న కంపెనీలకు మనుషుల్ని వెతికిపెడుతున్నాను. మీలాంటి ప్రకటనలు నేనూ బోలెడు రాశాను. పాత పేపర్ ప్రకటనలకు లైనుకింత అని డబ్బు కట్టేవాళ్లం కాబట్టి అనవసరమైన మాట పడేది కాదు. ఆన్‌లైన్ వచ్చాక జాగా ఉచితం అయింది, విశేషణాలు పెరిగాయి.

ఇప్పుడు మీ ప్రకటనలో అన్నిటికన్నా ఖరీదైన మాట దగ్గరికి వద్దాం. అది "జీఎస్టీ తెలిసి ఉండాలి" అన్నది. ఎస్ఏపీ, ఎంబీఏ లాంటివి కొట్టేస్తే పోతాయి. ఇది మాత్రం కొట్టెయ్యకూడదు, విప్పి చెప్పాలి. ఎందుకంటే జీఎస్టీ తెలుసు అని చెప్పేవాళ్లలో కనీసం మూడు రకాలుంటారు.

మొదటి రకం, బిల్లు చూసి సరైన పన్ను రేటుతో టాలీలో ఎక్కించగలవాళ్లు. రెండో రకం, అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లుల జాబితాగా నెల నెలా జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే 2బీని మన కొనుగోళ్ల రిజిస్టరుతో పోల్చి, ఏ బిల్లు కనపడటం లేదో పట్టుకుని, అమ్మినవాళ్లకు ఫోన్ చేసి ఎక్కించేదాకా వదలనివాళ్లు. మూడో రకం, రిటర్నులు తామే వేసి, రీఫండ్ పెట్టి, నోటీసు వస్తే జవాబు రాసేవాళ్లు. ముగ్గురి జీతాలూ ఒకటి కాదు, ముగ్గురు వెతుక్కునే ఉద్యోగాలూ ఒకటి కాదు. మీరు ఒకే మాట రాశారు కాబట్టి ముగ్గురూ వచ్చారు. జీతం విని వెళ్లిపోయిన ఆ ఇద్దరూ మూడో రకం అయి ఉంటారని నా అంచనా.

మరి మీకు కావలసింది ఎవరు? మీ వ్యాపారం లెక్కనే చూద్దాం. ఎండుమిర్చి మీద 5 శాతం జీఎస్టీ. కమీషన్ షాపు నుంచి 6 లక్షల సరుకు కొంటే బిల్లులో పన్ను 30,000. మీలాంటివాళ్లు ఎక్కువగా ఎల్‌యూటీ అనే హామీ పత్రం పెట్టి పన్ను కట్టకుండా ఎగుమతి చేసి, కొనేటప్పుడు కట్టిన పన్నును తర్వాత రీఫండ్‌గా అడుగుతారు. ఆ బిల్లు మీ 2బీలో కనపడకపోతే క్రెడిట్ రాదు, క్రెడిట్ లేకపోతే రీఫండూ లేదు. అంటే షాపువాడు ఒక బిల్లు ఎక్కించడం మరిచిపోతే మీ 30,000 ఇరుక్కుంటుంది. సీజన్‌లో అలాంటి బిల్లులు ఎన్నుంటాయో నాకన్నా మీకే బాగా తెలుసు.

తేదీలు కూడా చూడండి. నెలవారీగా వేసేవాళ్లకు అమ్మకాల రిటర్ను గడువు తర్వాతి నెల 11. 2బీ వచ్చేది 14న. పన్ను లెక్క తేల్చే 3బీ రిటర్ను వెయ్యాల్సింది 20లోపు. అంటే పోల్చి చూసి, ఫోన్లు చేసి, మీ ఆడిటర్ ఆఫీసుకు లెక్క పంపడానికి దొరికేది ఆరు రోజులు. మీకు కావలసిన మనిషి ఆ ఆరు రోజుల మనిషి. రెండో రకం. రిటర్ను వేసేది ఎలాగూ మీ ఆడిటరే అయితే మూడో రకానికి డబ్బు పెట్టడం దండగ. వచ్చినా మీ దగ్గర ఉండరు, ఆరు నెలలకు విసుగొచ్చి వెళ్లిపోతారు.

ఇదంతా మీ ప్రకటనలో ఒక్క వాక్యం అవుతుంది: "ప్రతి నెలా 14 నుంచి 18 లోపు 2బీని కొనుగోళ్లతో పోల్చి, కనపడని బిల్లుల గురించి కమీషన్ షాపులతో ఫోన్లో మాట్లాడి తేల్చాలి. రిటర్నులు ఆడిటర్ వేస్తారు." ఈ వాక్యం చదివితే ఆ పని చేసినవాడికి వెంటనే తెలుస్తుంది ఇది తన పనేనని. చెయ్యనివాడికి 2బీ అంటేనే అర్థం కాదు, చాలామంది అక్కడే ఆగిపోతారు. జల్లెడ పట్టే పని మీకు బదులు ఆ వాక్యమే చేస్తుంది.

పైగా ఆ వాక్యం రాయగానే ఇంకో సంగతి బయటపడుతుంది. కమీషన్ షాపుల గుమాస్తాలతో మాట్లాడటానికి ఇంగ్లీషు, హిందీ ధారాళం ఎందుకండీ? కావలసింది మర్యాదగా, గట్టిగా తెలుగులో అడగడం. బయటి దేశాల కొనుగోలుదార్లతో మీరే మాట్లాడుతుంటే ఆ లైను తీసెయ్యండి. "ఇంగ్లీషులో వచ్చిన మెయిల్ చదివి అర్థం చేసుకోగలగాలి" అంటే చాలు.

పని ఎలా కనుక్కోవాలి? కూర్చుని ఆలోచిస్తే రాదు. ఇప్పుడు ఆ లెక్కలు ఎవరు రాస్తున్నారో, పాత అకౌంటెంటో, మీ తమ్ముడో, మీరో, ఆ మనిషి పక్కన ఒక నోటు పుస్తకం పెట్టి వారం రోజులు చేసిన ప్రతి పనీ రాయించండి. ఎన్ని బిల్లులు, ఎన్ని చెక్కులు, బ్యాంకుకు ఎన్నిసార్లు, యార్డుకు ఎన్నిసార్లు. నెలకోసారి వచ్చే పనులు ఆ వారంలో పడవు, వాటిని క్యాలెండర్ చూసి కలపండి. ఆ లిస్టులో ఎక్కువ సమయం తినేవి పైన పెట్టి ఐదారు పనులు తీసుకోండి. అదే మీ ప్రకటన ఒళ్లు.

ఇలా చేసినప్పుడు దాదాపు ప్రతిసారీ యజమానులు ఆశ్చర్యపోతారు. మీ "ఎగుమతి పత్రాలు" సంగతే చూడండి. షిప్పింగ్ బిల్లు వేసేది మామూలుగా మీ కస్టమ్స్ ఏజెంటు. మీ ఆఫీసు నుంచి వెళ్లేది ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు. పాత దాని నమూనా చూసి అంకెలు మార్చి పంపే పని అది, వారంలో నేర్చుకుంటారు. దాన్ని అర్హతగా పెడితే ఎగుమతి డాక్యుమెంటేషన్ మాత్రమే చేసి, లెక్కలు రానివాళ్లు వస్తారు. మీకు వచ్చిన 160లో వాళ్ల వాటా కూడా ఉండే ఉంటుంది.

లిస్టు తయారయ్యాక ప్రతి అర్హతనూ ఒక ప్రశ్న అడగండి: ఇది లేని మనిషి వచ్చి, మీ ఎదురుగా మొదటి మూడు పనులూ శుభ్రంగా చేసి చూపిస్తే వద్దంటారా? వద్దనరు అంటే అది తప్పనిసరి కాదు. ఎం.కాం ఈ ప్రశ్నకు నిలవదు. ఎస్ఏపీ అసలు నిలవదు, ఆరుగురున్న ఆఫీసులో ఎస్ఏపీ ఎక్కడుంది? ఏదో పెద్ద కంపెనీ ప్రకటన నుంచి దిగిన లైను అది. "అడ్వాన్స్‌డ్ ఎక్సెల్" అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. మీకు కావలసింది రెండు లిస్టులు పక్కపక్కన పెట్టి వీ-లుకప్ ఫార్ములాతో పోల్చడం అయితే ఆ మాటే రాయండి.

అక్కరలేని అర్హత ఉంటే నష్టమేంటి, ఉన్నవాళ్లే వస్తారు కదా అంటారు చాలామంది. రారండి. నిజాయితీగా ఉండే మనిషి ఎస్ఏపీ అన్న మాట చూసి, నాకు రాదు కదా అని తప్పుకుంటాడు. అన్నీ వచ్చని రెజ్యూమేలో రాసుకునేవాడు దేనికైనా పంపిస్తాడు. అర్హతలు పెంచేకొద్దీ మీరు వడకట్టేది తెలియనివాళ్లను కాదు, మొహమాటం ఉన్నవాళ్లను.

నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. ఆటోనగర్‌లో ఉన్నప్పుడు స్టోర్స్ ఇన్‌ఛార్జి కోసం డిగ్రీ, ఐదేళ్ల అనుభవం, ఈఆర్‌పీ, నాయకత్వ లక్షణాలు అని రాశాను. ఎంబీఏ చేసిన కుర్రాడొకడు వచ్చాడు. చక్కగా మాట్లాడాడు, తీసుకున్నాం. 23 రోజులు చేశాడు. అక్కడ పనేంటంటే ర్యాకు ఎక్కి బేరింగు పెట్టె తీసి, దాని మీద నంబరు చదివి, లారీ మోడల్‌కు సరిపోతుందో లేదో కౌంటరుకు చెప్పడం. నాయకత్వానికి అక్కడ ఉన్నది ఒక్క హమాలీ. తప్పు ఆ కుర్రాడిది కాదు, నాది. రెండోసారి "పార్టు నంబరు చూసి ఏ బండికి పడుతుందో చెప్పగలగాలి, రోజుకు 80 నుంచి 100 ఐటమ్‌లు తియ్యాలి, దుమ్ములో నిలబడి పని" అని రాశాం. ఇంటర్ ఆపేసి ఆరేళ్లు వేరే కౌంటర్లో పనిచేసిన మనిషి వచ్చాడు. మొదటి ప్రకటన చదివి ఉంటే తను అప్లై చేసేవాణ్ణే కాదని తర్వాత తనే చెప్పాడు.

"దుమ్ములో" అన్న మాట రాయడానికి మా ఓనరు గారు ఒప్పుకోలేదు, ఎవరూ రారు అన్నారు. వచ్చారు. కష్టం ముందే తెలిసి వచ్చినవాడు రెండో వారంలో పారిపోడు. మీ "ఒత్తిడి తట్టుకోవాలి" కూడా అలాంటిదే. ఒత్తిడి అంటే ఏంటో చెప్పండి. యార్డుకు సరుకు పోటెత్తే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రి 8 వరకు ఉండాలా? ఆ నెలల్లో ఆదివారాలు ఎన్ని పోతాయి? దానికి అదనంగా ఏమిస్తారు? ఇవి రాస్తే అదొక పని షరతు. రాయకపోతే చదివేవాడికి "ఇక్కడ అరుస్తారు" అనే అర్థమవుతుంది.

"మగవారికి ప్రాధాన్యం" తీసెయ్యండి. 1976 నాటి సమాన వేతన చట్టమే ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడవాళ్లపై వివక్ష కూడదంది. 2019 వేతన కోడ్‌లోనూ అదే మాట ఉంది. చట్టం పక్కన పెట్టినా, మీరు అలా రాయడానికి అసలు కారణం రాత్రి వేళలు, యార్డు తిరుగుడు అయి ఉంటుంది. ఆ కారణాన్నే రాయండి, కుదురుతుందో లేదో వాళ్లు నిర్ణయించుకుంటారు. నేను పెట్టించిన వాళ్లలో ఈ 2బీ పని బాగా చేసినవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. సొంత బండి సంగతీ అంతే. వారానికి రెండుసార్లు యార్డుకు వెళ్లాలంటే ఆ మాట రాసి, పెట్రోలు ఇస్తారో లేదో చెప్పండి.

అనుభవం దగ్గర మీ వ్యాపారానికి ఏళ్లు సరైన కొలత కాదు, సీజన్లు సరైన కొలత. ఐదేళ్లు ఒక బట్టల షోరూంలో లెక్కలు రాసినవాడికి కమీషన్ షాపు రాసిచ్చే తక్‌పట్టీ అంటే తెలియదు, టిక్కీలకు, అంటే మిర్చి బస్తాలకు, క్వింటాళ్లకు లెక్క కుదర్చడం తెలియదు. ఒక్క సీజన్ కమీషన్ షాపులోనో కోల్డ్ స్టోరేజీలోనో కూర్చున్న అమ్మాయికి తెలుస్తుంది. "మిర్చి, పత్తి, పొగాకు, పసుపు, ఏదైనా సరుకు వ్యాపారంలో కనీసం ఒక సీజన్ పూర్తిగా లెక్కలు రాసి ఉండాలి" అనండి. మరీ మిర్చే కావాలని పట్టుబడితే పక్క షాపులవాళ్ల మనుషుల్ని లాగినట్టవుతుంది, ఆ గొడవ మీకెందుకు.

ఇక జీతం. "ఆకర్షణీయమైన" అన్న మాట చూస్తే అనుభవం ఉన్నవాడు నవ్వుకుని వెళ్లిపోతాడు. మా స్టాఫ్ చూస్తే ఇబ్బంది అని యజమానులు దాస్తారు. కొత్తవాడి జీతం చేరిన వారానికి టీ కొట్టు దగ్గర అందరికీ ఎలాగూ తెలుస్తుంది. ఉన్నవాళ్లకు తక్కువుంటే అది ముందు సర్దుకోవాల్సిన విషయం, ప్రకటనలో దాచితే తీరేది కాదు. వేసేటప్పుడు కూడా 15,000 నుంచి 35,000 అని వెయ్యకండి. పైది చూసి మూడో రకం వస్తారు, కిందది చూసి మొదటి రకం వస్తారు. తేడా నాలుగైదు వేలు దాటకూడదు.

ఒక కోల్డ్ స్టోరేజీకి కిందటేడు అక్టోబరులో నేను రాసిచ్చినదాన్ని మీ పనికి మార్చి ఇస్తున్నాను. అంకెలు మీవి పెట్టుకోండి.

> టాలీ అకౌంటెంట్ (మిర్చి కొనుగోలు లెక్కలు), గుంటూరు
>
> మేం మిర్చి కొని ఎగుమతి చేస్తాం. ఆఫీసులో ఆరుగురం. మీరు నేరుగా యజమానికి రిపోర్టు చేస్తారు. మీ కింద ఎవరూ ఉండరు.
>
> పని: కమీషన్ షాపుల బిల్లులు టాలీలో ఎక్కించడం, సీజన్‌లో రోజుకు 30 నుంచి 40, మిగతా రోజుల్లో 5 నుంచి 10. కోల్డ్ స్టోరేజీ టిక్కీల నిల్వను వారానికోసారి లెక్కతో సరిచూడటం. రోజువారీ నగదు సాయంత్రం తేల్చి చూపించడం. ప్రతి నెలా 14 నుంచి 18 లోపు 2బీని కొనుగోళ్లతో పోల్చి, తేడాలు షాపులతో మాట్లాడి తేల్చడం. రిటర్నులు ఆడిటర్ వేస్తారు. ఎగుమతి ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు మేం నేర్పిస్తాం.
>
> తప్పనిసరి: టాలీలో సొంతంగా కొనుగోలు, బ్యాంకు లెక్కలు రాసి ఉండాలి. 2బీ పోల్చిన అనుభవం ఉండాలి. ఏదైనా సరుకు వ్యాపారంలో ఒక సీజన్ చేసి ఉండాలి. డిగ్రీ ఏదైనా పర్వాలేదు, లేకపోయినా పర్వాలేదు.
>
> వేళలు: 9:30 నుంచి 6:30, ఆదివారం సెలవు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు రాత్రి 8 దాకా, నెలలో రెండు ఆదివారాలు పని ఉంటుంది, దానికి విడిగా ఇస్తాం. వారానికి రెండుసార్లు యార్డుకు వెళ్లాలి, పెట్రోలు ఖర్చు మాది.
>
> జీతం: నెలకు 20,000 నుంచి 24,000. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ అడగం.
>
> అప్లై చేసేవారు వాట్సాప్‌లో మూడు లైన్లు రాయండి: ఇంతకుముందు ఏ సరుకు లెక్కలు రాశారు, రోజుకు ఎన్ని బిల్లులు, 2బీలో బిల్లు కనపడకపోతే ఏం చేశారు.

ఒరిజినల్స్ మాట ఎందుకంటే, మన దగ్గర చిన్న ఆఫీసులు చాలా వాటికి సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకునే అలవాటుంది. ఒక చోట మూడు నెలలు తిరిగి తెచ్చుకున్న అమ్మాయి నాకు తెలుసు. అందుకే ఈ మాట చదివి ఫోన్ చేసేవాళ్లుంటారు.

చివరి మూడు లైన్ల ప్రశ్నను వదలకండి. ఆ కోల్డ్ స్టోరేజీకి 31 మంది రాశారు. 12 మంది ప్రశ్నకు జవాబు లేకుండా రెజ్యూమే మాత్రం పంపారు, వాళ్లను పక్కన పెట్టాం. మిగతావాళ్లలో 9 మందిని పిలిచాం. ఒకావిడ "షాపువాళ్లు మా జీఎస్టీ నంబరు తప్పు కొట్టారు, బిల్లు వేరేవాళ్ల ఖాతాలో పడింది, రెండు నెలలు పట్టింది" అని రాసింది. అది చేసినవాళ్లకే తెలిసే బాధ. ఆవిడే చేరింది.

ప్రకటన సరిపోయిందో లేదో మొదటి పది ఫోన్లలో తెలుస్తుంది. ముగ్గురు ఒకే సంగతి అడిగారంటే అది ప్రకటనలో లేదని అర్థం, అదే రోజు కలపండి. వద్దనుకున్న ప్రతి మనిషి పేరు పక్కన ఒక్క మాటలో కారణం రాసుకోండి. సగానికి పైగా "జీతం" అని వస్తే ప్రకటనది తప్పు కాదు, మీ రేటుది. ఆ పనికి ఊళ్లో నడిచే రేటుకన్నా మూడు వేలు తక్కువ పెట్టి ఎంత బాగా రాసినా లాభం లేదు. ప్రకటన చెయ్యలేని పనుల్లో అదొకటి. రెండోది నమ్మకం. "నమ్మకస్తులు కావలెను" అని రాస్తే దొంగ రాకుండా ఉండడు. నగదు అప్పజెప్పే ముందు పాత యజమానికి మీరే ఫోన్ చెయ్యండి.

ఎప్పుడు పెట్టాలన్నది కూడా చూసుకోండి. జనవరిలో పెడితే ఉన్న సీజన్ వదిలి ఎవరూ రారు, వస్తే ఎందుకు వస్తున్నారో ఆరా తియ్యాలి. మార్చి, ఏప్రిల్‌లలో అందరూ సంవత్సరాంతం లెక్కల్లో ఉంటారు. అక్టోబరు, నవంబరు మంచి సమయం. ఆడిట్ల తొందర తగ్గి ఉంటుంది, కొత్త మనిషికి మీ షాపుల పేర్లు, మీ టాలీ పద్ధతి అలవాటు కావడానికి రెండు నెలలు దొరుకుతాయి.

వారం నోటు పుస్తకం రాయించాక ఆ లిస్టు ఇక్కడే కింద పెట్టండి. ఏది పైకి రావాలో, ఏది పోవాలో చూసి చెబుతాను.